పాఠాల యాప్ వద్దనుకుంటే రుణమూ రద్దు కావాలి
ఇంటికొచ్చి అమ్మిన కోర్సుకు వాయిదాలు ఆపించుకునే విధానం

పిల్లల చదువు పేరిట ఇంటికి వచ్చే విక్రయ ప్రతినిధి ఒక గంటసేపు మాట్లాడి, పిల్లవాడికి చిన్న పరీక్ష పెట్టి, ట్యాబ్‌లో పాఠాలు చూపించి వెళ్లేలోపు తల్లిదండ్రుల చేత కోర్సు కొనిపిస్తాడు. మొత్తం సొమ్ము చేతిలో లేదంటే నెలవారీ వాయిదాలు ఉన్నాయంటాడు. ఆధార్, పాన్ వివరాలు తీసుకొని, ఫోనుకు వచ్చిన రెండు మూడు ఓటీపీలు చెప్పించుకుంటాడు. నెల తిరిగేసరికి పిల్లవాడు యాప్ తెరవడం మానేసినా బ్యాంకు ఖాతా నుంచి వాయిదా మాత్రం కోత పడుతూనే ఉంటుంది. కోర్సు వద్దని సంస్థకు ఫోను చేసి చెప్పినా కోత ఆగదు. దీనికి కారణం తెలిస్తేనే దాన్ని ఆపించుకునే దారి దొరుకుతుంది.

ఒక్క సంతకం.. రెండు ఒప్పందాలు

కోర్సు కొన్న రోజున కుదిరేది ఒక ఒప్పందం కాదు, రెండు. మొదటిది విద్యా సంస్థతో కుదిరే కొనుగోలు ఒప్పందం. రెండోది ఒక బ్యాంకుతోనో, బ్యాంకింగేతర ఆర్థిక సంస్థతోనో కుదిరే రుణ ఒప్పందం. 'ఇది లోను కాదు సార్, ఈఎంఐ మాత్రమే' అని ప్రతినిధి చెప్పినప్పటికీ, పాన్ వివరాలు తీసుకొని ఓటీపీతో అంగీకారం నమోదు చేశారంటే అది తల్లి లేదా తండ్రి పేరిట మంజూరైన రుణమే.

రుణ సంస్థ ఈ సొమ్మును కొనుగోలుదారు చేతికి ఇవ్వదు. నేరుగా విద్యా సంస్థ ఖాతాకు జమ చేస్తుంది. 'వడ్డీ లేని వాయిదాలు' అన్నచోట సాధారణంగా వడ్డీ భారాన్ని విద్యా సంస్థ భరిస్తుంది. అంటే రుణ సంస్థ ఆ మేరకు తగ్గించుకొని మిగతా సొమ్మును దానికి చెల్లిస్తుంది. ఏ విధంగా చూసినా కోర్సు సొమ్ము తొలి రోజుల్లోనే విద్యా సంస్థకు చేరిపోతుంది. ఆ తర్వాత నెలనెలా వసూలు చేసుకొనేది రుణ సంస్థ. అందుకే కోర్సు రద్దు చేసుకున్నామని విద్యా సంస్థకు ఎన్నిసార్లు చెప్పినా, ఆ సంస్థ తాను తీసుకున్న సొమ్మును రుణ సంస్థకు తిరిగి పంపేదాకా రుణ ఖాతా తెరిచే ఉంటుంది. వాయిదాలు ఆగాలంటే సొమ్ము వెళ్లిన దారినే వెనక్కి రావాలి. రద్దు ప్రక్రియ మొత్తం దీనిచుట్టూనే తిరుగుతుంది.

ముందుగా చేతిలో ఉండవలసిన కాగితాలు

చాలామందికి తమకు అప్పు ఇచ్చిన సంస్థ పేరు కూడా తెలియదు. కొన్న రోజు నుంచి వచ్చిన ఎస్‌ఎంఎస్‌లు, ఈమెయిళ్లు వెతికితే రుణ సంస్థ పేరు, రుణ ఖాతా సంఖ్య కనిపిస్తాయి. అక్కడ దొరకకపోతే బ్యాంకు స్టేట్‌మెంటులో వాయిదా కోత పడిన వరుసను చూడాలి. NACH లేదా ACH అన్న అక్షరాల పక్కన వసూలు చేసుకున్న సంస్థ పేరు ఉంటుంది. అదీ స్పష్టంగా లేకపోతే క్రెడిట్ నివేదికలో తప్పక తెలుస్తుంది. దేశంలోని నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వవలసి ఉంది.

రెండో ముఖ్యమైన కాగితం రుణానికి సంబంధించిన 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్'. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకు ఇచ్చే కొత్త రుణాలన్నిటికీ దీన్ని ఇవ్వడం తప్పనిసరి. రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని, అందులోని విషయాలను వివరించి చెప్పాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అసలు ఎంత, ఏడాదికి పడే మొత్తం వ్యయం ఎంత శాతం, రుణాన్ని వెనక్కి ఇచ్చేందుకు ఎన్ని రోజుల గడువుంది, ఫిర్యాదుల అధికారి ఎవరు అన్న వివరాలు అందులో ఉంటాయి. ఈ పత్రం అందకపోతే రుణ సంస్థను లిఖితపూర్వకంగా అడగాలి. అసలు ఇవ్వనే లేదని తేలితే ఆ లోపమే తర్వాతి ఫిర్యాదుకు బలం అవుతుంది.

మూడోది విద్యా సంస్థ ఆర్డరు ఫారం, రశీదు, రీఫండు నిబంధనలు. ఎన్ని రోజుల్లోపు రద్దు చేసుకుంటే పూర్తి సొమ్ము ఇస్తారు, ఆ రోజులను ఆర్డరు తేదీ నుంచి లెక్కిస్తారా, ట్యాబ్ ఇంటికి చేరిన తేదీ నుంచి లెక్కిస్తారా అన్నది ఇందులోనే తేలుతుంది. ప్రతినిధి నోటితో ఒక గడువు చెప్పి, కాగితంలో మరొకటి ఉండటం తరచూ జరిగేదే. అందువల్ల ప్రతినిధి వాట్సాప్‌లో పంపిన హామీలు, ధరల పట్టికలు, కాల్ రికార్డింగులు ఉంటే చెరిపివేయకుండా భద్రపరచుకోవాలి.

గడువులు రెండు.. వేర్వేరు

విద్యా సంస్థ ఇచ్చే రీఫండు గడువు ఒకటి. రుణానికి వర్తించే గడువు మరొకటి. యాప్ ద్వారా, ఓటీపీ ద్వారా మంజూరయ్యే డిజిటల్ రుణాలకు వెనక్కి తగ్గే గడువు ఉండాలని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నిబంధన పెట్టింది. వారం రోజులు, అంతకు మించిన కాలానికి తీసుకున్న రుణాలకు అప్పట్లో అది కనీసం మూడు రోజులు. 2025 మేలో వెలువడిన ఆదేశాల్లో ఈ గడువును రుణ సంస్థ పాలకమండలే నిర్ణయించుకోవచ్చని, అయితే ఒక రోజుకు తగ్గరాదని పేర్కొన్నారు. ఎన్ని రోజులన్నది కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంటులో రాసి ఉంటుంది.

ఈ గడువులో అసలును, ఆ కొద్ది రోజులకు అయ్యే వడ్డీ వ్యయాన్ని తిరిగి ఇచ్చేస్తే ఎలాంటి జరిమానా లేకుండా రుణం నుంచి బయటపడవచ్చు. పత్రంలో ముందే చెప్పి ఉంటే ప్రాసెసింగ్ రుసుమును మాత్రం సంస్థ ఉంచుకోవచ్చు. ఇక్కడ చిక్కు ఏమిటంటే, తిరిగి ఇవ్వవలసిన అసలు కొనుగోలుదారు దగ్గర లేదు, విద్యా సంస్థ దగ్గర ఉంది. అంత సొమ్ము సొంతంగా కట్టగలిగినవారు కట్టి రుణాన్ని మూసివేసి, తర్వాత విద్యా సంస్థ నుంచి రాబట్టుకోవచ్చు. కానీ అలా చేస్తే విద్యా సంస్థ చెల్లించని పక్షంలో నష్టపోయేది కొనుగోలుదారే. కట్టలేనివారు గడువులోగా రుణం వద్దని రుణ సంస్థకు రాసి, సొమ్మును విద్యా సంస్థ నుంచి వెనక్కి తెప్పించుకోవలసిందిగా కోరాలి. రుణ సంస్థ దానికి కట్టుబడి ఉండకపోవచ్చు. అయినా గడువులోనే రాశారన్న ఆధారం ఆ తర్వాత ప్రతి మెట్టులోనూ పనికొస్తుంది.

ఒకే రోజున రెండు లేఖలు

రద్దు కోరిక ఫోనులో చెబితే చెప్పినట్లు ఆధారం మిగలదు. కాల్ సెంటరు సిబ్బంది 'మా మేనేజరు గారు మాట్లాడతారు' అంటారు. మేనేజరు ఫోను చేసి ఉపాధ్యాయుణ్ని మారుస్తామనో, కోర్సును కొన్నాళ్లు నిలిపి ఉంచుతామనో, అదనపు తరగతులు ఇస్తామనో చెబుతారు. ఈ మాటల మధ్య రీఫండు గడువు దాటిపోవడమే ఎక్కువ కుటుంబాల విషయంలో జరుగుతున్న నష్టం. నిలిపి ఉంచడానికి ఒప్పుకుంటే రద్దు కోరికను వెనక్కి తీసుకున్నట్లు నమోదు చేసుకునే ప్రమాదమూ ఉంది. అందువల్ల ఆర్డరు సమయంలో ఇచ్చిన ఈమెయిలు చిరునామా నుంచే విద్యా సంస్థకు లేఖ పంపాలి. గడువు దగ్గరపడితే దాని ప్రతిని స్పీడ్ పోస్టులో సంస్థ నమోదిత కార్యాలయానికి కూడా పంపడం మేలు. లేఖ ఇలా ఉంటే సరిపోతుంది.

'ఫలానా తేదీన ఫలానా ఆర్డరు సంఖ్యతో మీ కోర్సును కొన్నాము. మీ నిబంధనల్లోని రీఫండు గడువులోగా ఈ ఆర్డరును రద్దు చేసుకుంటున్నాము. ఈ తేదీ తర్వాత యాప్‌ను వాడబోము. ట్యాబ్‌ను, పుస్తకాలను తిరిగి తీసుకువెళ్లేందుకు తేదీ తెలపండి. ఈ కొనుగోలు కోసం ఫలానా సంస్థ నుంచి ఫలానా ఖాతా సంఖ్యపై తీసుకున్న రుణం పూర్తిగా మూతపడేందుకు కావలసిన సొమ్మును ముందుగా ఆ సంస్థకు పంపండి. మేము కట్టిన ముందస్తు సొమ్మును, వాయిదాలను మా ఖాతాకు జమ చేయండి. పంపిన లావాదేవీ సంఖ్యను లిఖితపూర్వకంగా తెలియజేయండి.'

ఇదే లేఖ ప్రతిని జతచేసి అదే రోజున రుణ సంస్థ ఫిర్యాదుల అధికారికి మరో లేఖ రాయాలి. కోర్సు రద్దు చేసుకున్నామని, సొమ్ము విద్యా సంస్థకు నేరుగా వెళ్లిందని, దాన్ని తిరిగి పొంది రుణ ఖాతాను మూసివేయాలని, అప్పటిదాకా జరిమానా వేయవద్దని, ఈ వివాదాన్ని ఖాతాలో నమోదు చేయాలని కోరాలి. తప్పుడు మాటలతో రుణం చేయించి ఉంటే ఆ సంగతీ ఇందులోనే రాయాలి. వడ్డీ లేదని చెప్పి వేయడం, రుణమని చెప్పకుండా ఓటీపీ తీసుకోవడం, ఆదాయం ఎక్కువగా చూపడం వంటివి ఈ కోవలోకి వస్తాయి. రుణ సంస్థ తరఫున ఖాతాదారులను చేర్పించే మధ్యవర్తుల తీరుకు రుణ సంస్థ కూడా బాధ్యత వహించాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. లేఖ అందినట్లు వచ్చిన ఫిర్యాదు సంఖ్యను రాసిపెట్టుకోవాలి. ఆ తేదీ నుంచే ముప్ఫై రోజుల లెక్క మొదలవుతుంది.

ఆ తర్వాత పిల్లలు యాప్‌లో లాగిన్ కాకుండా చూడాలి. రద్దు కోరిన తర్వాత కూడా తరగతులు విన్నారని, పరీక్షలు రాశారని వాడకం నివేదిక చూపి రీఫండు నిరాకరించడం విద్యా సంస్థలు తరచూ వాడే వాదన. ట్యాబ్‌ను తిరిగి ఇచ్చేటప్పుడు పెట్టె తెరిచి, వస్తువు స్థితి కనిపించేలా ఫొటోలు తీసి, కొరియరు రశీదు తీసుకోవాలి.

వాయిదాను ఎప్పుడు ఆపాలి

చాలామంది ఈ దశలో చేసే పని ఖాతాలో డబ్బు లేకుండా చేయడం. ఇది అన్నిటికంటే నష్టం కలిగించే మార్గం. వాయిదా తిరిగిపోయిన ప్రతిసారీ ఖాతా ఉన్న బ్యాంకు రుసుము వేస్తుంది, రుణ సంస్థ తన జరిమానా తాను వేస్తుంది. అంతేకాదు, ఖాతాలో చాలినంత సొమ్ము లేక ఎలక్ట్రానిక్ చెల్లింపు తిరిగిపోతే 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టంలోని 25వ సెక్షను కింద అది చెక్కు బౌన్సు లాంటి నేరమే. రుణ సంస్థ నోటీసు ఇచ్చాక పదిహేను రోజుల్లో కట్టకపోతే కేసు వేయవచ్చు. రెండేళ్ల వరకు జైలు లేదా ఆ సొమ్ముకు రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ విధించే వీలుంది.

రెండో మార్గం వాయిదా వసూలుకు ఇచ్చిన అనుమతిని, అంటే మ్యాండేటును బ్యాంకులో రద్దు చేయించడం. ఖాతా ఉన్న శాఖలో లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. కొన్ని బ్యాంకుల్లో నెట్ బ్యాంకింగు ద్వారానూ వీలుంటుంది. మ్యాండేటుకు UMRN అనే విశిష్ట సంఖ్య ఉంటుంది. దాన్ని దరఖాస్తులో రాస్తే పొరపాటుకు తావుండదు. యూపీఐ ఆటోపే ద్వారా కోత పడుతుంటే ఆ యూపీఐ యాప్‌లోనే రద్దు చేయవచ్చు. వాయిదా తేదీకి కొన్ని పనిదినాలు ముందుగానే ఈ పని పూర్తి కావాలి. వసూలు జాబితా బ్యాంకుకు చేరాక ఇచ్చిన దరఖాస్తు ఆ నెలకు పనిచేయకపోవచ్చు.

అయితే మ్యాండేటు రద్దుతో వసూలు ఆగుతుందే తప్ప అప్పు తీరదు. ఖాతాలో ఆ వాయిదా బకాయిగానే కనిపిస్తుంది. ఎన్ని రోజులు ఆలస్యమైందో క్రెడిట్ నివేదికకు ఎక్కుతుంది. రేపు ఇంటి రుణానికో, వాహన రుణానికో వెళ్లినప్పుడు ఆ ఆలస్యమే అడ్డవుతుంది. అందుచేత నిర్ణయం పరిస్థితిని బట్టి ఉండాలి. గడువులోగా రద్దు కోరి, విద్యా సంస్థ రీఫండుకు ఒప్పుకున్నట్లు రాసి ఇచ్చినప్పుడు, మధ్యలో పడే ఒకటి రెండు వాయిదాలు కట్టి తర్వాత తిరిగి పొందడమే తక్కువ నష్టం. విద్యా సంస్థ పూర్తిగా నిరాకరించి, వివాదం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే పక్షంలో వాయిదాలు నిలిపివేసేలా మధ్యంతర ఉత్తర్వు కోరడం సరైన దారి. కమిషన్ ఉత్తర్వు లేకుండా సొంతంగా ఆపేవారు క్రెడిట్ నివేదికపై మచ్చ పడుతుందన్న సంగతి తెలిసే ఆపాలి.

వాయిదా ఆగితే వసూలు సిబ్బంది ఫోన్లు మొదలవుతాయి. ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత వసూలు కోసం ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టం చేసింది. బెదిరింపులు, బంధుమిత్రుల ముందు పరువు తీయడం కూడా నిషిద్ధమే. అలాంటి ఫోన్ల తేదీ, వేళ, నంబరు రాసిపెట్టుకోవాలి. రుణ సంస్థపై ఇచ్చే ఫిర్యాదులో అవి విడిగా లెక్కకు వస్తాయి.

లెక్క తేలే తీరు ఇదీ

ఒక ఉదాహరణ చూస్తే రీఫండు ఎక్కడ తప్పుదారి పడుతుందో తెలుస్తుంది. ఒక కుటుంబం 60,000 రూపాయల కోర్సు కొన్నదనుకుందాం. 6,000 రూపాయలు ముందుగా కట్టింది. మిగతా 54,000 రూపాయలకు నెలకు 3,000 చొప్పున 18 వాయిదాలతో వడ్డీ లేని రుణం మంజూరైంది. జూన్ 8న ట్యాబ్ ఇంటికి చేరింది. రీఫండు గడువు పదిహేను రోజులు. జూన్ 14న రెండు సంస్థలకూ లేఖలు వెళ్లాయి. విద్యా సంస్థ నాన్చి నాన్చి ఆగస్టు రెండో వారంలో రద్దుకు అంగీకరించింది. ట్యాబ్ వాడినందుకు 4,000 రూపాయలు తగ్గించుకుంటామని రాసింది. ఈలోగా జులై 5న, ఆగస్టు 5న రెండు వాయిదాలు, అంటే మరో 6,000 రూపాయలు కోత పడ్డాయి.

ఇప్పుడు విద్యా సంస్థ తిరిగి ఇవ్వవలసింది 60,000లో 4,000 పోను 56,000 రూపాయలు. రుణ ఖాతాలో మిగిలిన అసలు 54,000లో 6,000 పోను 48,000 రూపాయలు. కాబట్టి 48,000 రూపాయలు రుణ సంస్థకు వెళ్లాలి. మిగిలిన 8,000 రూపాయలు కుటుంబానికి రావాలి. కుటుంబం మొత్తం మీద కట్టింది 12,000. అందులో 8,000 తిరిగి వస్తే నికరంగా పోయేది ట్యాబ్‌కు తగ్గించిన 4,000 రూపాయలే. రుణం పూర్తిగా మూతపడుతుంది.

కానీ జరిగేది చాలాసార్లు మరోలా ఉంటుంది. తగ్గింపును రుణ సంస్థకు పంపే సొమ్ములోంచి తీసేసి, 44,000 రూపాయలు అక్కడికి, 12,000 రూపాయలు కుటుంబానికి పంపుతారు. మొత్తం అదే 56,000 రూపాయలు. కుటుంబం తాను కట్టిందంతా తిరిగి వచ్చిందని సంతోషిస్తుంది. రుణ ఖాతాలో మాత్రం 4,000 రూపాయలు మిగిలిపోతాయి. సెప్టెంబరు 5న మళ్లీ 3,000 రూపాయల కోత పడుతుంది. పని అయిపోయిందనుకుని ఖాతా ఖాళీ చేసి ఉంటే అది తిరిగిపోతుంది, రెండు వైపులా రుసుములు పడతాయి, క్రెడిట్ నివేదికలో ఆలస్యం నమోదవుతుంది. ఏడాది తర్వాత ఎప్పుడో రుణానికి వెళ్లినప్పుడు ఈ చిన్న బకాయి పెద్ద అడ్డంకిగా బయటపడుతుంది.

దీన్ని ముందే గుర్తించే మార్గం ఒక్కటే. విద్యా సంస్థ సొమ్ము పంపుతున్నామని చెప్పిన రోజునే రుణ సంస్థను 'ఈ తేదీకి రుణం పూర్తిగా మూసివేయడానికి ఎంత కావాలి' అని అడిగి, ఆ లెక్కను రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. రెండు అంకెలూ ఒకటేనా కాదా చూసుకోవాలి. తేడా ఉంటే తమకు వచ్చే సొమ్ములోంచే తగ్గించుకోవాలని విద్యా సంస్థకు రాయాలి. ఇప్పటికే తప్పుగా పంపి ఉంటే చేతికి వచ్చిన 12,000లోంచి ఆ 4,000ను రుణ సంస్థకు వెంటనే కట్టేయడం మంచిది. ఇంకొక పొరపాటు కూడా జరుగుతుంటుంది. మొత్తం రీఫండును కుటుంబం ఖాతాకే జమ చేస్తారు. అలాంటప్పుడు ఆ సొమ్ము తమదేనని వాడుకుంటే అప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది.

మూతపడిందని ఎలా తెలుస్తుంది

విద్యా సంస్థ 'రీఫండు ప్రాసెస్ అయింది' అని పంపే సందేశం రుణం మూతపడినట్లు కాదు. రుణ సంస్థ నుంచి నాలుగు ఆధారాలు అందాకే పని పూర్తయినట్లు. బకాయి లేదన్న ధ్రువపత్రం మొదటిది. బాకీ సున్నా అని చూపే రుణ ఖాతా స్టేట్‌మెంటు రెండోది. మ్యాండేటు రద్దయినట్లు తెలిపే సమాచారం మూడోది. నెలా రెండు నెలల తర్వాత తీసుకునే క్రెడిట్ నివేదికలో ఆ ఖాతా 'క్లోజ్డ్' అని కనిపించడం నాలుగోది.

ఈ చివరి మాట విషయంలో జాగ్రత్త అవసరం. రుణ సంస్థ కొంత తగ్గించి కట్టించుకొని ఖాతా ముగిస్తే దాన్ని 'సెటిల్డ్' అని చూపుతుంది. అప్పు పూర్తిగా తీరలేదన్న అర్థంలో తర్వాతి బ్యాంకులు దాన్ని చదువుతాయి. కోర్సు రద్దు వల్ల సొమ్ము వెనక్కి వచ్చిన రుణం 'క్లోజ్డ్' కావాలి. తప్పుగా చూపితే రుణ సంస్థకు, క్రెడిట్ సమాచార సంస్థకు ఫిర్యాదు చేయాలి. ముప్ఫై రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ వంద రూపాయల చొప్పున పరిహారం పొందే నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

స్పందించకపోతే ఎక్కడికి వెళ్లాలి

విద్యా సంస్థ సమాధానం ఇవ్వకపోతే తొలి మెట్టు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. consumerhelpline.gov.in ద్వారానూ చేయవచ్చు. ఈ కేంద్రం ఉత్తర్వులు ఇవ్వదు. ఫిర్యాదును సంస్థకు పంపి స్పందన కోరుతుంది. అయినా గడువులోగా రద్దు కోరిన స్పష్టమైన కేసుల్లో ఈ దశలోనే పరిష్కారం దొరికే అవకాశం ఉంటుంది.

రుణ సంస్థ ముప్ఫై రోజుల్లో సమాధానం ఇవ్వకపోయినా, ఇచ్చిన సమాధానం సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. cms.rbi.org.in లో రుసుము లేకుండా దాఖలు చేయవచ్చు. సందేహాలకు 14448 నంబరు ఉంది. అంబుడ్స్‌మన్ పరిధిలోకి వచ్చేది రుణ సంస్థ మాత్రమే, విద్యా సంస్థ రాదు. కాబట్టి అక్కడి ఫిర్యాదులో కోర్సు బాగోలేదన్న మాటలకంటే రుణ సంస్థ ఏ నిబంధన తప్పిందన్నదే రాయాలి. కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంటు ఇవ్వలేదని, గడువులో వెనక్కి తగ్గినా పట్టించుకోలేదని, సొమ్ము అందాక కూడా ఖాతా మూయలేదని, వసూలు సిబ్బంది వేళ దాటి ఫోన్లు చేశారని తేదీలతో రాస్తే ఫిర్యాదు నిలబడుతుంది.

రెండు సంస్థలనూ ఒకేచోట నిలబెట్టగలిగేది జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. సంస్థ కార్యాలయం బెంగళూరులోనో, ఢిల్లీలోనో ఉన్నా అక్కడికి వెళ్లవలసిన పనిలేదు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే దాఖలు రుసుము లేదు. వివాదం తలెత్తిన రెండేళ్లలోగా వేయాలి. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. e-jagriti.gov.in ద్వారా ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. లోపమున్న సేవను నిలిపివేసి, రశీదులో చెప్పిన గడువులో సొమ్ము తిరిగి ఇవ్వకపోవడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంటోంది. రశీదులో గడువు లేకపోతే ముప్ఫై రోజులుగా లెక్కిస్తారు.

ఫిర్యాదులో విద్యా సంస్థను మొదటి ప్రతివాదిగా, రుణ సంస్థను రెండో ప్రతివాదిగా చేర్చాలి. రుణ సంస్థను చేర్చకపోతే కమిషన్ రీఫండుకు ఉత్తర్వు ఇచ్చినా వాయిదాల విషయంలో రుణ సంస్థపై అది పనిచేయదు. చట్టంలోని 38వ సెక్షను కింద మధ్యంతర ఉత్తర్వులిచ్చే అధికారం కమిషన్‌కు ఉంది. కేసు తేలేదాకా వాయిదాల వసూలు ఆపాలని, క్రెడిట్ సంస్థలకు ప్రతికూల సమాచారం పంపరాదని కోరుతూ ప్రధాన ఫిర్యాదుతో పాటే విడిగా దరఖాస్తు పెట్టాలి.

సంస్థే దివాలా తీస్తే

విద్యా సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్తే దారి మారుతుంది. బైజూస్ మాతృసంస్థ థింక్ అండ్ లెర్న్‌పై 2024 జులైలో జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ బెంగళూరు బెంచి దివాలా ప్రక్రియకు ఆదేశించడం ఇందుకు తెలిసిన ఉదాహరణ. అలాంటి ఆదేశం వెలువడ్డాక ఆ సంస్థపై కొత్త కేసులు వేయడానికి, నడుస్తున్న కేసులు కొనసాగించడానికి తాత్కాలిక నిషేధం ఉంటుంది. రావలసిన రీఫండును ట్రైబ్యునల్ నియమించిన పరిష్కార నిపుణుడి వద్ద, బహిరంగ ప్రకటనలో ఇచ్చిన గడువులోగా, ఆధారాలతో క్లెయిముగా నమోదు చేయించుకోవాలి. తాకట్టు ఉన్న రుణదాతల తర్వాతే సాధారణ కొనుగోలుదారుల వంతు వస్తుంది గనుక పూర్తి సొమ్ము అందుతుందన్న నమ్మకం పెట్టుకోలేరు.

ఈ నిషేధం రుణ సంస్థకు వర్తించదు. అంటే తరగతులు ఆగిపోయినా రుణ సంస్థ వాయిదాలు అడుగుతూనే ఉండవచ్చు. అదే విధంగా రుణ సంస్థపై అంబుడ్స్‌మన్ వద్ద, వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేసుకునే హక్కు కొనుగోలుదారుకూ మిగిలే ఉంటుంది. సేవ అందకుండా పోయిన తేదీని, ఆ తర్వాత కట్టిన వాయిదాలను విడిగా చూపి, ఆ భాగానికి ఉపశమనం కోరవచ్చు.

ఆటోమేటిక్ కోతకు అనుమతి ఇచ్చే ముందు జాగ్రత్త పడాలని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే తల్లిదండ్రులకు సూచన జారీ చేసింది. ప్రతినిధి ఇంట్లో కూర్చున్నప్పుడు వచ్చే ఓటీపీ సందేశాన్ని పూర్తిగా చదివితే అందులో రుణ సంస్థ పేరో, మ్యాండేటు అన్న మాటో కనిపిస్తుంది. ఆ సంఖ్యను నోటితో చెప్పిన క్షణంలోనే రెండో ఒప్పందంపై సంతకం పడినట్లు లెక్క.